ఏ గడి ఖాళీ, ఏ కాగితం కరువు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కారం యూనిట్ కమిటీ తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది ఎంత కాయ కొన్నాం, ఎంత కారం పట్టాం, ఎంత అమ్మాం అన్న లెక్కలు జమాఖర్చుల పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ ఇక్కడ చదవం. మాకు ఇచ్చిన సమయంలో ఒకే ఒక్క విషయం చెబుతాం. ఊరూరా షాపులున్న ఒక పెద్ద కంపెనీకి మన కారం అమ్మాలంటే ముందుగా వాళ్లు ఒక ప్రశ్నావళి ఇస్తారు. సరుకు సంగతి తర్వాత, ముందు మీరు మాకు సరుకు ఇవ్వడానికి అర్హులా కాదా అని చూసుకునే కాగితం అది. దాన్ని నింపడంలో మేము ఒకసారి బోర్లా పడ్డాం. రెండోసారి ఇంకా నింపుతూనే ఉన్నాం. ఆ కథే ఇది.

పోయిన ఏడాది ఆ ప్రశ్నావళి వచ్చినప్పుడు మేము సంబరపడి రెండు రోజుల్లో నింపి పంపించాం. మూడు వారాలకి జవాబు వచ్చింది. "వివరాలు అసంపూర్ణం" అని ఒక్క ముక్క. ఏది అసంపూర్ణమో చెప్పలేదు. ఫోన్ చేస్తే, మళ్లీ కొత్త దరఖాస్తులు తీసుకునేటప్పుడు పెట్టుకోండమ్మా అన్నారు. ఆర్డరు వస్తుందన్న నమ్మకంతో సభ్యుల దగ్గర అప్పటికే కాయ కొని ఉన్నాం. దాన్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలనెలా అద్దె కట్టాం. ఆ అద్దె ఎందుకు కట్టారని పోయిన మహాసభలో మీరే అడిగారు. అడగాల్సిందే.

ఈ ఏడాది మళ్లీ ప్రశ్నావళి వచ్చింది. 9 భాగాలు, 68 ప్రశ్నలు. సంస్థ వివరాలు, బ్యాంకు, పన్నులు, ఆహార లైసెన్సు, షెడ్డు శుభ్రత, పనిచేసే వాళ్ల ఆరోగ్యం, సరుకు పరీక్షలు, బ్యాచ్ లెక్కలు, తూకం, లేబుల్... ఇలా ఉన్నాయి. చివర ఒక ప్రకటన ఉంది. పైన రాసినవన్నీ నిజమని అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే సరఫరాదారుల జాబితా నుంచి తీసేస్తామని దాని కిందే ఉంది.

పాత కాపీ చూసుకుంటూ మొదటి రోజే నింపేశాం. నింపాక లెక్కపెడితే 6 గడులు ఖాళీ. "ఆరేగా, ఏముందిలే" అనుకున్నాం. మాలో ఒక అక్క మాత్రం, "పోయినసారి కూడా ఆరో ఏడో ఉన్నాయిగా, మరి వెనక్కి ఎందుకొచ్చింది?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ మాట మీదే మూడు సాయంత్రాలు షెడ్డులో కూర్చుని ప్రశ్నావళిని మొదటి నుంచి మళ్లీ చదివాం. ఈసారి జవాబులు చదవలేదు. ప్రతి జవాబుకి ఎదురుగా, దాన్ని నిజమని చూపించే కాగితం ఫైలులో ఉందా అని మాత్రమే చూశాం.

ఒక పొడుగు పుస్తకం తీసుకుని గీతలు గీశాం. ప్రశ్న నంబరు, మేము రాసిన జవాబు, దానికి ఏ కాగితం, ఎవరు తేవాలి అని రాసుకున్నాం. దొరికిన ప్రతి కాగితాన్నీ ఐదు మాటలు అడిగాం: నువ్వు ఎవరి పేరు మీద ఉన్నావు, ఏ చోటుకి, ఏ సరుకుకి, ఎప్పటి వరకు, నిన్ను ఎవరిచ్చారు. ఈ ఐదింటిలో ఒక్కటి ప్రశ్నతో కలవకపోయినా ఆ గడి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాం.

మూడో రోజుకి లెక్క ఇలా తేలింది. కంటికి కనబడే ఖాళీలు 6. "అవును" అని రాసి కాగితం లేనివి 12. కాగితం ఉండి అడిగినదానితో కలవనివి 6. "వర్తించదు" అని రాసి, నిజానికి వర్తించేవి 3. మొత్తం 27. మేము ఆరనుకున్నది ఇరవై ఏడు. పోయిన ఏడు ఆ కంపెనీవాళ్లు మన ఫారం పక్కన పెట్టారంటే వాళ్ల తప్పు లేదు.

అయితే ఇరవై ఏడని గుండె జారక్కర్లేదు. ఆ పుస్తకాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా, కాగితం పేరు పట్టుకుని చదివితే ఒకే కాగితాన్ని నాలుగైదు చోట్ల అడుగుతున్నారని తెలిసింది. 27 ప్రశ్నలకి కావలసినవి 14 కాగితాలే. అక్కడి నుంచి ప్రశ్నలు లెక్కపెట్టడం మానేసి కాగితాలు లెక్కపెట్టాం.

ముందు కనబడే ఖాళీల సంగతి చెబుతాం, అది తొందరగా తేలేది. మీది సొంత వ్యాపారమా, భాగస్వామ్యమా, కంపెనీయా అని మూడు గడులిచ్చారు. మనం ఆ మూడూ కాదు. అందుకని పోయినసారీ ఈసారీ ఏదీ టిక్కు పెట్టకుండా వదిలేశాం. చూసేవాడికి అది ఖాళీయే. పక్కన "ఇతరములు" అని చిన్న గీత ఉంది. అక్కడ 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సమాఖ్య అని రాసి, రిజిస్ట్రేషన్ పత్రం, బైలా కాపీ జోడించాం. సంతకం ఎవరు పెట్టాలన్న తీర్మానం కూడా అడిగారు. మన దగ్గర ఉంది కానీ అది పాత కార్యదర్శి గారి పేరు మీద ఉంది. పాలకవర్గం మారి ఏడాది దాటింది. కొత్త తీర్మానం పోయిన నెల సమావేశంలో రాయించాం. బ్యాంకు పుస్తకంలో "మండల సమాఖ్య" అని, పాన్ కార్డులో "మండల మహిళా సమాఖ్య" అని ఉంది. ఆ "మహిళా" అన్న మాట కోసం బ్యాంకుకి మూడుసార్లు తిరిగాం. మేనేజరు గారు చివరికి, రెండు పేర్లూ ఒకే సంస్థవని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. పేరు పూర్తిగా మార్చే దరఖాస్తు కూడా పెట్టాం.

ఇప్పుడు పెద్ద ఖాళీ చెబుతాం. అది ఖాళీలా కనబడలేదు. ఆహార లైసెన్సు నంబరు రాయమన్న చోట మన ప్యాకెట్ మీద ఉన్న 14 అంకెలూ చక్కగా రాశాం. కాగితం కూడా జోడించాం. ఐదు మాటలు అడిగేటప్పుడు అది రెండు చోట్ల తప్పింది. మొదటిది, ఆ నంబరు 2తో మొదలవుతుంది. 2తో మొదలైతే అది రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాలకి ఇచ్చేది. లైసెన్సు నంబరైతే 1తో మొదలవుతుంది. కంపెనీ అడిగింది లైసెన్సు. మనం ఇన్నాళ్లూ దాన్ని లైసెన్సు అనే పిలిచాం కాబట్టి తేడా మనకి తట్టలేదు. రెండోది ఇంకా గట్టిది. ఆ కాగితం మీద ఉన్న అడ్రసు సమాఖ్య భవనం వెనక గదిది. మనం మర పెట్టి కారం పడుతున్నది ఊరి చివర కొత్త షెడ్డులో. ఆహార రిజిస్ట్రేషనైనా లైసెన్సైనా సంస్థకి మాత్రమే ఇచ్చేది కాదు, ఆ చోటుకి ఇచ్చేది. షెడ్డు మారిన రోజే ఆ కాగితం పని అయిపోయింది.

ఇది ఒప్పుకోవడానికి మాకు సిగ్గేసింది. షెడ్డు మార్చేటప్పుడు కరెంటు మీటరు, మర బిగింపు, రేకులు అంటూ అన్నీ చూసుకున్నాం, దీన్ని మర్చిపోయాం. కొత్త షెడ్డు అడ్రసుతో, కారం, మసాలా పొడులు సరుకుగా చూపిస్తూ లైసెన్సుకి కొత్తగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. జీఎస్టీ కాగితంలో కూడా షెడ్డుని అదనపు వ్యాపార స్థలంగా చేర్పించాం. ఎందుకంటే కంపెనీవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇక్కడ కమిటీలో కాస్త మాటామాటా వచ్చింది. దరఖాస్తు నంబరు వచ్చింది కదా, లైసెన్సు గడిలో "ఉంది" అని రాసేద్దాం, వాళ్లు చూసేలోపు వచ్చేస్తుందిగా అని ఒకరన్నారు. "వాళ్లు చూడరా వదినా? రేపు మనిషిని పంపి షెడ్డు చూపించమంటారు. అప్పుడు సంతకం పెట్టింది మన అధ్యక్షురాలు కాదా?" అని ఇంకొకరన్నారు. చివరికి ఆ గడిలో దరఖాస్తు పెట్టామని రాసి, దరఖాస్తు నంబరు, తేదీ వేశాం. మా పుస్తకంలో మాత్రం ఆ గడి చుట్టూ ఎర్ర సున్నా అలాగే ఉంచాం. రసీదు లైసెన్సు కాదు.

సరుకు పరీక్షల భాగంలో మాకు ధీమా ఉండేది. ల్యాబ్ రిపోర్టు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నాం కదా! ఆ ఫ్రేము దించి చదివాం. అందులో తేమ, బూడిద, ఆమ్లంలో కరగని బూడిద ఉన్నాయి. ఇసుక, మన్ను కలిసిందా లేదా అన్నది ఆ చివరిదాంతో తెలుస్తుంది. అవన్నీ బాగానే వచ్చాయి. ప్రశ్నావళిలో అడిగినవి వేరు. పురుగుమందుల అవశేషాలు, అఫ్లటాక్సిన్, సుడాన్ రంగులు, సాల్మొనెల్లా. అఫ్లటాక్సిన్ అంటే కాయకి బూజు పట్టినప్పుడు తయారయ్యే విషం. కళ్లం మీద తడిసి సరిగా ఆరని కాయలో వస్తుంది. పొడి కొట్టాక కంటికి కనబడదు. సుడాన్ అనేది కారం ఎర్రగా కనబడాలని కలిపే, తినకూడని రంగు. మనం కలపం. కానీ కలపమని మనం చెబితే చాలదు, లేదని ల్యాబ్ చెప్పాలి. అంటే గోడ మీద ఉన్న రిపోర్టు మంచిదే, అడిగిన నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు కాదు.

ఇంకో రెండు విషయాలు ఆ రిపోర్టులోనే దొరికాయి. శాంపిల్ అన్న చోట "కారం పొడి" అని మాత్రమే ఉంది, బ్యాచ్ నంబరు లేదు. తప్పు ల్యాబుది కాదు. మేమే ఒక కవరులో పావుకిలో పోసి పంపించాం. ఈ ఫలితాలు మాకు ఇచ్చిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తాయని రిపోర్టు కిందే చిన్న అక్షరాల్లో ఉంది. ఏ బ్యాచో తెలియని శాంపిల్ రిపోర్టు ఏ బ్యాచ్‌నీ కాయదు. రెండోది, ఆ ల్యాబుకి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని ప్రశ్నావళి అడిగింది. ఉంది అనుకున్నాం. తీరా చూస్తే గుర్తింపు ల్యాబు మొత్తానికి కాదట, పరీక్ష పరీక్షకీ విడివిడిగా ఇస్తారట. నీటి పరీక్షకి గుర్తింపు ఉన్న ల్యాబుకి పురుగుమందుల పరీక్షకి ఉండకపోవచ్చు. అందుకని ఈసారి శాంపిల్ పంపకముందే, ఈ నాలుగు పరీక్షలూ మీ గుర్తింపు జాబితాలో ఉన్నాయా అని ల్యాబువాళ్లని అడిగి ఆ జాబితా పేజీ తెప్పించుకున్నాం. గుర్తింపు కింద ఇచ్చిన రిపోర్టు మీద ఎన్‌ఏబీఎల్ ముద్ర, యూఎల్‌ఆర్ అని మొదలయ్యే పొడుగు నంబరు ఉంటాయి. అవి లేకపోతే ఆ కాగితం ఈ ప్రశ్నకి పనికిరాదని గుర్తుపెట్టుకున్నాం.

"వర్తించదు" అన్న మాట గురించి ఒకటి చెప్పాలి. దిగుమతి చేసుకున్న ముడిసరుకు వాడతారా అని ఒక భాగం ఉంది. మన సభ్యుల చేలల్లో కాయే కొంటాం, కాబట్టి "వర్తించదు" అని రాసి, కారణం ఒక వాక్యం రాశాం. అది సరే. అదే ఊపులో, ఎలర్జీ కలిగించే పదార్థాలు మీ షెడ్డులో వాడతారా అన్న చోట కూడా "వర్తించదు" అని రాసేశాం. మనది కారం కదా, ఎలర్జీ ఏంటి అనుకున్నాం. మర దగ్గర పనిచేసే చెల్లి, "అక్కా, సంక్రాంతికి పల్లీ కారం కొట్టింది ఇదే మరలో కదా?" అనేసరికి అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వేరుశనగ కొందరికి పడదు, కొందరికి ప్రాణం మీదకి వస్తుంది. ఆహార లేబుల్ నిబంధనల్లో తప్పనిసరిగా చెప్పాల్సిన వాటిలో అదొకటి. కాబట్టి జవాబు "అవును, వేరుశనగ". దానికి కాగితం ఏమిటి? పల్లీ కారం ఏ రోజు కొట్టాం, తర్వాత మర, జల్లెడ ఎలా శుభ్రం చేశాం, ఎవరు చూశారు అన్న రిజిస్టరు. అది మన దగ్గర లేదు. ఇప్పుడు పల్లీ కారానికి జల్లెడ వేరే కొన్నాం, మర కడిగిన రిజిస్టరు మొదలుపెట్టాం, ప్యాకెట్ లేబుల్ మీద ఆ మాట చేర్పించాం. ఆ మూడు తప్పుడు "వర్తించదు"ల్లో మమ్మల్ని నిజంగా భయపెట్టింది ఇదొక్కటే.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. మెటల్ డిటెక్టరు ఉందా అని అడిగారు. లేదు. అది కొనే స్థోమత ఇప్పుడు లేదు. పోయినసారి "లేదు" అని రాస్తే పరువు పోతుందని ఖాళీగా వదిలేశాం. ఈసారి ప్రశ్న చివరి దాకా చదివితే, "లేకపోతే ఇనుప ముక్కలు రాకుండా ఏం చేస్తారు" అని ఉంది. మనం మర బయటికి వచ్చే చోట అయస్కాంతం పెట్టాం, రోజూ సాయంత్రం దాన్ని తుడిచి దానికి పట్టిన రజను చూస్తాం. "లేదు" అని రాసి, అయస్కాంతం ఫోటో, రోజువారీ తనిఖీ పుస్తకం పేజీ జోడించాం. అది పూర్తి జవాబే.

మాకు ఎక్కువ రోజులు పట్టింది, ఎక్కువ నేర్పింది బ్యాచ్ లెక్కల భాగం. ఒక ప్యాకెట్‌లో తేడా వస్తే ఆ బ్యాచ్ మొత్తాన్ని వెనక్కి తెప్పించగలరా అని అడిగారు. "అవును" అని రాశాం. మనకి కొనుగోలు రిజిస్టరు ఉంది, మర రిజిస్టరు ఉంది, ప్యాకింగు, అమ్మకాల పుస్తకాలు ఉన్నాయి, ఇంకేం కావాలి? కింద రెండో వాక్యం ఉంది: గడచిన 12 నెలల్లో అలా ఒకసారి పరీక్షగా చేసి చూసిన రుజువు జోడించండి. మనం ఎప్పుడూ చేయలేదు. సరే చేద్దామని ఒక గ్రామ సంఘం దుకాణం నుంచి ఒక ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాం. బ్యాచ్ 14.

వెనక్కి వెళ్లాం. 14వ బ్యాచ్‌కి 5 గురు సభ్యుల దగ్గర కొన్న 212 కిలోల కాయ వాడాం. తొడిమలు, తాలు కాయ తీస్తే 21 కిలోలు పోయింది. పొడి 184 కిలోలు వచ్చింది. మిగతా 7 కిలోలు ఎండలో తగ్గిన తేమ, దుమ్ముగా పోయింది. ఇక్కడి వరకు లెక్క సరిపోయింది, మాకు ఉషారొచ్చింది. 200 గ్రాముల ప్యాకెట్లు 900 కట్టాం, అంటే 180 కిలోలు. శాంపిల్‌కి ఒక కిలో తీశాం. 181. మరి మిగతా 3 కిలోలు? పుస్తకంలో లేవు. అడగ్గా అడగ్గా తెలిసింది, డ్రమ్ము అడుగున మిగిలిన పొడిని మర్నాడు పట్టిన 15వ బ్యాచ్‌లో కలిపేశారు. పారేస్తామా మరి, ఎవరైనా అదే చేస్తారు. కానీ 14లో తేడా ఉంటే ఆ తేడా 15లోకి కూడా పోయినట్టే. 15 అడుగున మిగిలింది 16లోకి. ఆ లెక్కన ఒక్క ప్యాకెట్ చెడితే సీజను మొత్తం వెనక్కి తెప్పించాలి. కాగితం లేదనుకుని మొదలుపెడితే, అసలు పనిలోనే ఒక కన్నం బయటపడింది.

తర్వాత ముందుకి వెళ్లాం. ఆ 900 ప్యాకెట్లు ఎక్కడికి పోయాయి? గ్రామ సంఘాల దుకాణాలకి 640, ఎగ్జిబిషన్ స్టాలుకి 200, గోదాములో ఉన్నవి 46. మొత్తం 886. పద్నాలుగు ప్యాకెట్లకి దారి లేదు. రెండు రోజులు వెతికాం. చివరికి తేలిందేమిటంటే, షెడ్డు చూడ్డానికి వచ్చిన వాళ్లకి వెళ్లేటప్పుడు చేతిలో పెట్టిన ప్యాకెట్లు అవి. పెట్టిన చేతికి రాయాలని తోచలేదు.

ఆ మొదటి ప్రయత్నాన్ని మేము దాచలేదు, తేదీ వేసి "సరిపోలేదు" అని రాసి ఫైలులో ఉంచాం. పనిలో రెండు మార్పులు చేశాం. అడుగు పొడి మిగిలితే దాన్ని తూచి, ఏ బ్యాచ్ నుంచి ఏ బ్యాచ్‌లోకి ఎంత కలిపామో మర రిజిస్టరులో రాయాలి. ఒక బ్యాచ్‌లో ఒకేసారి కలపాలి, బ్యాచ్ వెంట బ్యాచ్ కాదు. ఊరికే ఇచ్చిన ప్యాకెట్ కూడా అమ్మకాల పుస్తకంలో సున్నా రూపాయలకి ఎక్కాలి. తర్వాత బ్యాచ్ 19తో మళ్లీ చేశాం. ఉదయం 10 గంటలకి ప్యాకెట్ తీసుకున్నాం, 12 గంటల 20 నిమిషాలకి వెనక ఎవరి కాయో, ముందు ఎవరి దుకాణమో అన్నీ తేలాయి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, కిలోలు, ప్యాకెట్లు, చూసినవాళ్ల సంతకాలు ఒక పేజీలో రాసి, ఆ రిజిస్టరు పేజీల జిరాక్సులు కుట్టాం. ప్రశ్నావళికి కావలసిన రుజువు అదే, నాలుగు కాగితాలు. రెండు రిపోర్టులూ కలిపే పెడుతున్నాం. మొదటిది ఎందుకని మాలో ఒకరిద్దరికి ఇంకా ఇష్టం లేదు. మేము అనుకోవడం, తప్పు దొరికి సరిచేసుకున్న యూనిట్‌ని చూసేవాళ్లు నమ్ముతారు.

కాంటాల సంగతి చిన్నది. మనకి రెండు ఉన్నాయి, ముద్ర వేసిన సర్టిఫికెట్ ఒకదానికే ఉంది. దాని మీద ఉన్న సీరియల్ నంబరు కాంటా కింద చూస్తే, అది కాయ తూచే పెద్ద కాంటాది. ప్యాకెట్లు తూచే చిన్నదానికి లేదు. తూనికలు కొలతల శాఖవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి వేయించాం. సర్టిఫికెట్‌లో మళ్లీ వేయించాల్సిన తేదీ ఉంటుంది, దాన్ని గోడ మీద క్యాలెండరులో రాసిపెట్టాం.

ఇప్పుడు ఈ రోజుకి మిగిలింది చెబుతాం. 27లో 23 తీరాయి. ఎర్ర సున్నా ఇంకా ఉన్నవి 4 ప్రశ్నలు, వాటికి 3 కాగితాలు.

ఒకటి, లైసెన్సు. దరఖాస్తు నడుస్తోంది. నీటి పరీక్ష రిపోర్టు, షెడ్డు ప్లాను ఇచ్చాం. తనిఖీకి ఎప్పుడొచ్చినా షెడ్డు తెరిచి ఉండేలా ఇద్దరికి వంతులు వేశాం.

రెండు, ల్యాబ్ రిపోర్టు. రెండు ప్రశ్నలు దీని మీదే ఆగాయి. బ్యాచ్ 19 నుంచి శాంపిల్ తీసి, బ్యాచ్ నంబరు ప్యాకెట్ మీదా, ల్యాబుకిచ్చే ఫారం మీదా రాసి సీలు వేసి ఉంచాం. ఇంకా పంపలేదు, ఎందుకంటే పురుగుమందుల పరీక్ష ఫీజు కమిటీ సొంతంగా ఖర్చుపెట్టగల పరిమితి దాటుతోంది.

మూడు, పనిచేసేవాళ్ల ఆరోగ్య ధ్రువపత్రాలు. షెడ్డులో 11 మంది పనిచేస్తున్నారు. ఫైలులో 8 మందివి ఉన్నాయి. అందులో 3 ఏడాది దాటినవి. పరీక్ష ఏడాదికోసారి చేయించాలి, కాబట్టి అవి లేనట్టే. అంటే సరైనవి 5, కావలసినవి 6. ఈ ఆరుగురిలో ఇద్దరు, డాక్టరు దగ్గరికి వెళ్తే ఏదైనా రోగముందని తేల్చి పనిలోంచి తీసేస్తారేమోనని భయపడుతున్నారు. ఆ భయానికి కారణం మేమే. ఎందుకు చేయిస్తున్నామో ముందే చెప్పలేదు. అంటురోగం ఉందని తెలిస్తే తగ్గేదాకా పొడి ముట్టని పని ఇస్తాం, కూలి ఆగదు అని కమిటీ రాసిచ్చింది. ఆ మాటకి మహాసభ ఆమోదం కూడా ఉంటే వాళ్లకి ధైర్యంగా ఉంటుంది.

ప్రశ్నావళి పంపడానికి ఈ నెల 25 ఆఖరి తేదీ. అప్పటికి లైసెన్సు రాకపోవచ్చు. అందుకని కంపెనీ కొనుగోలు విభాగానికి ముందుగానే ఒక ఉత్తరం రాశాం. 68 ప్రశ్నల్లో ఫలానా నంబరు ప్రశ్నలకి రుజువు ఇంకా లేదు, ఏ కాగితం ఏ దశలో ఉంది, ఎప్పటికి ఇవ్వగలం అని ప్రశ్న నంబర్లతో సహా రాసి, అసంపూర్ణంగా ఉన్నా తీసుకుని గడువు ఇస్తారా అని అడిగాం. ఈసారి ఫోన్ వాళ్లే చేశారు. ఆరోగ్య పత్రాలు, ల్యాబ్ రిపోర్టు ఫారంతో పాటే ఉండాలి, లైసెన్సుకి మాత్రం దరఖాస్తు రసీదు పెట్టి తర్వాత ఇవ్వొచ్చు, అది వచ్చేదాకా ఆర్డరు ఇవ్వం అన్నారు. ఆ మాటే మెయిల్‌లో పంపమని అడిగి తెప్పించుకున్నాం, ఫైలులో ఉంది.

కాబట్టి మహాసభని మేము అడిగేవి రెండే. ల్యాబ్ ఫీజుని యూనిట్ మిగులులోంచి కట్టడానికి ఈ రోజే తీర్మానం చేయండి. పరీక్షకి పంపిన మనిషికి కూలి ఆపమన్న కమిటీ మాటని మినిట్సులో రాయండి. తీర్మానం కాపీ సాయంత్రానికి చేతికొస్తే శాంపిల్ రేపు పొద్దున బస్సుకి వెళ్తుంది. ఆరుగురినీ ఎల్లుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మాలో ఇద్దరం వెంటబెట్టుకుని తీసుకెళ్తాం. ఎర్ర సున్నాల పుస్తకం వెనక బల్ల మీద పెట్టాం, భోజనాలప్పుడు ఎవరైనా తిరగేసి చూడొచ్చు.